చివరి ఊరి తరఫున రెండు మాటలు

(దివిసీమ ఉప్పెన మృతుల సంస్మరణ సభలో, నవంబరు 19న మచిలీపట్నంలో చేసిన ప్రసంగ పాఠం)



1977 నవంబరు 19, శనివారం. ఆ రోజు సముద్రం మన ఊళ్ల మీదికి వచ్చింది. ఆ రోజు పోయినవాళ్ల పేరున ప్రసంగించమని పిలిచినప్పుడు ఏం మాట్లాడాలో తోచక చాలా రోజులు ఆలోచనలో పడ్డాను. ఆ దుఃఖం నాకన్నా ఎక్కువ ఎరిగినవారు ఈ సభలోనే ఉన్నారు. నేను చరిత్ర పాఠాలు చెప్పి రిటైరైన మనిషిని. ఆ తరువాత ఇరవై ఏళ్లుగా తుపానుల మీద, కృష్ణ నీటి మీద, తీరం కోత మీద జరిగే చర్చావేదికలకు దివిసీమ తరఫున ఎవరో ఒకరు కావాలని పిలిస్తే వెళ్లి కూర్చుంటున్నాను. ఆ పని ఎలా చేయాలో నేర్చుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది. నా తరువాత వెళ్లబోయే చిన్నవాళ్లకు దాన్ని అప్పగించడమే ఈ పోయినవారి విషయంలో నేను చేయగల పని అనిపించింది. కనుక ఈ రోజు నా ప్రసంగ విషయం ఒక్కటే. నలుగురు కూర్చునే చర్చలో మన చివరి ఊళ్ల తరఫున మాట్లాడవలసినవాడు ఏం సిద్ధం చేసుకుని వెళ్లాలి?

మన సభల్లో ఒక ఆచారం ఉంది. అధ్యక్షులు ఎవరినైనా పిలిచేటప్పుడు "వారు రెండు మాటలు చెబుతారు" అంటారు. మర్యాదకు అన్న మాట అది. ఎవరూ రెండు మాటలతో ఆపరు, ఆపాలని ఎవరూ అనుకోరు. ఆ మాటను అక్షరాలా తీసుకోవాలని నేను అంటున్నాను. చర్చకు వెళ్లేవాడి చేతిలో రెండే రెండు మూలవాక్యాలుండాలి. వాటిని వినేవాడి మనసులో నాటడానికి రెండో మూడో గుర్తులుండాలి. మిగిలినదంతా, ఎంత విలువైనదైనా, ఇంట్లో వదిలి వెళ్లాలి.

ఈ లెక్క ఎక్కడి నుంచి వచ్చిందో ముందు చెబుతాను. గంటసేపు జరిగే చర్చలో నలుగురు వక్తలున్నారనుకోండి. పరిచయాలకు అయిదు నిమిషాలు పోతాయి. సభికుల ప్రశ్నలకు పదిహేను. సమన్వయకర్త ప్రశ్నలకు, మధ్యలో ఆయన కలిపే మాటలకు మరో ఎనిమిది. మిగిలిన ముప్పై రెండు నిమిషాలు నలుగురికి పంచితే మనిషికి ఎనిమిది. అవి కూడా ఒకేసారి రావు. రెండేసి నిమిషాల చొప్పున నాలుగు వంతులుగా వస్తాయి. తొందర లేకుండా, సంఖ్యల దగ్గర కాస్త ఆగుతూ మాట్లాడితే నాకు నిమిషానికి నూరు మాటలకు మించి రావు. అంటే ఒక వంతుకు రెండు వందల మాటలు. అడిగిన ప్రశ్నకు ఒక వాక్యంలో జవాబు చెప్పి, మన మూలవాక్యం చెప్పి, దానికి ఒక ఉదాహరణ చెప్పి, ఎవరు ఏం చేయాలో చెప్పేసరికి ఆ రెండు వందలూ అయిపోతాయి. ఇంకో విషయానికి చోటుండదు. నాలుగు వంతుల్లో రెండు మూలవాక్యాలకు చెరొకటి పోతే, మూడోది ఆక్షేపణకు జవాబు చెప్పడానికి, నాలుగోది ఆ రెండు వాక్యాలనూ తిరిగి చెప్పి ముగించడానికి సరిపోతుంది. మూడో మూలవాక్యం పట్టుకుని వెళ్లినవాడు రెండోదానికైనా అన్యాయం చేస్తాడు.

ఈ నాలుగు వంతుల పద్ధతి మనకు కొత్తది కాదు. చెళ్లపిళ్ల వెంకటశాస్త్రిగారు పాఠాలు చెప్పిన ఊరిది. తిరుపతి వెంకట కవుల అవధానాల ఖ్యాతి విని పెరిగిన నేల ఇది. అష్టావధానంలో అవధాని ఒక పృచ్ఛకుడికి పద్యమంతా ఒకేసారి చెప్పడు. ఒక్కో ఆవృత్తిలో ఒక్కో పాదం చొప్పున అందరికీ చెప్పుకుంటూ వెళ్లి, చివర ధారణలో పద్యాలన్నీ అప్పజెబుతాడు. మధ్యలో అప్రస్తుత ప్రసంగం చేసేవారు అడ్డం వస్తూనే ఉంటారు. అవధాని వారిని విసుక్కోడు, వినకుండానూ ఉండడు. వారికి తగిన జవాబొకటి చెప్పి, ఆగిన పాదం దగ్గరికే తిరిగి వస్తాడు. చర్చావేదిక మీద మనకు జరిగేది సరిగ్గా ఇదే. మన విషయానికి సంబంధం లేని ప్రశ్న వస్తుంది. దాన్ని తప్పించుకుంటే సభ మనల్ని నమ్మదు. దాని వెంట పోతే మన వంతు కరిగిపోతుంది. ఒక వాక్యం జవాబు చెప్పి పాదం దగ్గరికి రావాలి. అయితే తిరిగి రావడానికి ఒక పాదమంటూ ముందే ఉండాలి. అది లేనివాడు ఎక్కడికి వస్తాడు?

నా మొదటి చర్చలో నాకు ఆ పాదం లేదు. విజయవాడలో ఒక సభ. తుపాను రక్షణ మీద చర్చ. నేను పన్నెండు అంశాలు రాసుకుని వెళ్లాను. కరకట్టలు, రోడ్లు, మడ అడవులు, పక్కా ఇళ్లు, పంటల బీమా, రేడియో హెచ్చరికలు, పడవల నమోదు, తాగునీరు, ఇంకా ఏవేవో. ఒక్కటీ తప్పు కాదు. నా వంతులో ఏడు చెప్పగలిగాను. సభ అయ్యాక ఒక యువ విలేకరి వచ్చి "మాస్టారూ, మీరు చెప్పినదాంట్లో ముఖ్యమైనదేమని రాసుకోను?" అని అడిగాడు. నేను మళ్లీ ఏడూ చెప్పాను. మర్నాడు పత్రికలో నా పక్కన కూర్చున్న అధికారి అన్న ఒక్క వాక్యం వచ్చింది. ఆయన ఆ వాక్యాన్ని మూడుసార్లు చెప్పారు. సోర్లగొంది మాట, పాలకాయతిప్ప మాట ఎక్కడా లేదు. అవి ఉప్పెన తుడిచిపెట్టిన ఊళ్లు. వాటి తరఫున వెళ్లినవాణ్ణి నేను. ఆ రాత్రి నాకు నిద్రపట్టలేదు.

పన్నెండింటిని రెండు చేయడం ఎలాగన్నదే అసలు కష్టం. ముఖ్యమైనవి ఏరుకోమంటే మనిషి ఎనిమిది ఏరుకుంటాడు. అన్నీ ముఖ్యమే కదా! నేను చివరికి మూడు ప్రశ్నలు పెట్టుకున్నాను. ఈ మాట నేను చెప్పకపోతే ఆ వేదిక మీద ఇంకెవరైనా చెబుతారా? ఇందులో ఫలానావారు ఫలానా పని చేయాలని ఉందా, లేక ఊరికే బాధ ఉందా? దీన్ని ఒక్క ఊపిరిలో, కాగితం చూడకుండా చెప్పగలనా? పంటల బీమా సంగతి రైతు సంఘాలవారు నాకన్నా బాగా చెబుతారు. అది పోయింది. రేడియో, రాడార్ల సంగతి వాతావరణ శాఖవారు చెబుతారు. అదీ పోయింది. "తీర ప్రాంతాన్ని నిర్లక్ష్యం చేయరాదు" అన్నదాంట్లో కర్త లేడు, పనీ లేదు. అదీ పోయింది. ఇలా ఒక్కొక్కటీ కొట్టేస్తున్నప్పుడు మనసుకు కష్టంగానే ఉంటుంది. కొట్టేసినవాటిని నేను పారేయను. సభికుల ప్రశ్నల్లో ఎవరైనా అడిగితే అవి పనికివస్తాయి.

మిగిలినవి రెండు. వాటిని వాక్యాలుగా తీర్చడానికి నాకు మరో వారం పట్టింది. మొదటిది ముందు ఇలా రాసుకున్నాను: "తుపాను హెచ్చరిక వ్యవస్థను, సురక్షిత భవనాలను బలోపేతం చేయాలి." ఇది ప్రభుత్వ కాగితాల భాష. వినగానే మరచిపోతాం. దీని వెనక ఉన్న అనుభవం వేరు. 1977లో తుపాను వస్తోందని రేడియో చెప్పకపోలేదు. విన్నవాడు ఎక్కడికి పోవాలి? చుట్టూ పూరిళ్లు, కింద సముద్రమట్టానికి కాస్త ఎత్తున ఉన్న నేల. అందుకని వాక్యాన్ని మార్చాను: "హెచ్చరిక విన్న ముసలమ్మ చీకటి పడేలోగా నడిచి చేరగల ఎత్తైన చోటు ప్రతి తీర గ్రామానికీ ఉండాలి, అది ఏటా అక్టోబరుకల్లా తలుపులు తెరిచి సిద్ధంగా ఉండాలి." ఇందులో దూరం ఉంది, గడువు ఉంది, మనిషి ఉంది. తుపాను షెల్టర్ కట్టి తాళం వేసినా, దానికి పోయే దారి మునిగినా, ఈ వాక్యం ఆ తప్పును పట్టిస్తుంది.

రెండో వాక్యంలో తెలుగే నన్ను ఇబ్బంది పెట్టింది. వరదల కాలంలో పత్రికలు తెరిస్తే "సముద్రంలో వృథాగా కలుస్తున్న కృష్ణా జలాలు" అని కనబడుతుంది. ఆ "వృథా" అన్న మాటకు జవాబు చెప్పడం దివిసీమ మనిషి పని. ముందు "సముద్రంలో కలిసే నీరంతా వృథా కాదు" అని రాశాను. గుడివాడలో ఒక రైతు మిత్రుడికి వినిపించాను. ఆయన "అంటే ఒక్క చుక్క కూడా వృథా కాదంటావా? వరద మొత్తం పోనివ్వమంటావా?" అన్నారు. ఆయన తప్పు లేదు. మన భాషలో ఆ వాక్యానికి రెండు అర్థాలూ వస్తాయి. కొంత వృథా కాదని నేననుకున్నాను, ఏదీ వృథా కాదని ఆయన విన్నారు. ఎదుటి ప్రాంతపు వక్త కూడా అలాగే విని, నా మీదికి అదే విసురుతాడు. నలుగురి ముందు చెప్పబోయే వాక్యాన్ని ముందుగా మనతో ఏకీభవించని ఒక్కరికి చెప్పి చూసుకోవాలని నాకు ఆ రోజు తెలిసింది. ఆ తరువాత వాక్యం ఇలా కుదిరింది: "కృష్ణలో కొంత మంచినీరు వేసవిలో కూడా సముద్రం దాకా పారాలి, అది కిందికి పారకపోతే సముద్రం పైకి వస్తుంది."

ఈ వాక్యం వెనక నూట డెబ్బై ఏళ్ల చరిత్ర ఉంది. బెజవాడ దగ్గర ఆనకట్ట 1855లో పూర్తయింది. ప్రకాశం బ్యారేజీ 1957లో వచ్చింది. పైన నాగార్జునసాగర్, శ్రీశైలం, ఇంకా పైన ఎగువ రాష్ట్రాల ప్రాజెక్టులు వచ్చాయి. ఆ ఆనకట్టే లేకపోతే ఈ డెల్టా అన్నం తినేది కాదు. ఆ కృతజ్ఞత నాకుంది. అయితే ఈ నేలను ఏటి ఒండ్రు కట్టింది. ఆ ఒండ్రు ఇప్పుడు జలాశయాల్లో ఆగిపోతోంది. పులిగడ్డ దగ్గర పాయలుగా చీలి దివిసీమను చుట్టి వచ్చే కృష్ణ సముద్రాన్ని చేరే చోట తీరం చాలా మేర కోతకు గురవుతోంది. ఎండాకాలంలో పాయల్లో, మురుగు కాలువల్లో పోటుతోపాటు ఉప్పునీరు పైకి ఎక్కుతుంది. భూమి కింద కూడా అదే జరుగుతుంది. మంచినీటి ఒత్తిడి తగ్గితే ఉప్పునీరు లోపలికి జరుగుతుంది. ఇదంతా వేదిక మీద చెబితే వంతు అయిపోతుంది. వక్తకు ఇది తెలిసి ఉండాలి, ప్రశ్న వస్తే విప్పగలగాలి. వేదిక మీద మాత్రం దీని స్థానంలో ఒక్క గుర్తు నిలబడాలి.

గుర్తులు అన్నాను. హరికథకులు వాటిని పిట్టకథలంటారు. ఉదాహరణ ఎంచుకోవడంలో నేను చేసిన పెద్ద తప్పొకటి ఇక్కడ ఒప్పుకోవాలి. మొదట్లో నేను 1977 నాటి శవాల సంగతి చెప్పేవాణ్ణి. సభ నిశ్శబ్దమయ్యేది. ఆడవాళ్లు కళ్లు తుడుచుకునేవారు. నా మాట చేరిందని అనుకునేవాణ్ణి. ఒకసారి సభ అయ్యాక వచ్చి పలకరించినవారిని "నేను ఏం చేయాలన్నాను?" అని అడిగి చూశాను. అందరికీ శవాలే గుర్తున్నాయి. నడిచి చేరగల ఎత్తైన చోటు ఒక్కరికీ గుర్తులేదు. ఉదాహరణ వాక్యాన్ని మింగేసింది. పోయినవాళ్లను నేను ఏడిపించడానికి వాడుకున్నాను, వాళ్ల పిల్లల రక్షణకు వాడలేదు. అది నన్ను ఇప్పటికీ బాధిస్తుంది.

అప్పటి నుంచి ఒక నియమం పెట్టుకున్నాను. ఉదాహరణ ముగిసిన చోటే మూలవాక్యం మొదలవాలి. శవాల కథ ముగిసిన చోట దుఃఖం మొదలవుతుంది. బతికినవాడి కథ ముగిసిన చోట, ఎలా బతికాడన్న ప్రశ్న మొదలవుతుంది. మా వైపు ఒక పెద్దాయన ఉన్నారు. ఆ రోజు ఆయన తాటిచెట్టు పట్టుకుని రాత్రంతా ఉండి బతికారు. అలా చెట్లు పట్టుకుని బతికినవాళ్లు దివిసీమలో చాలామంది. ఆయన కథ నేను నలభై సెకన్లలో చెబుతాను. నీళ్లు వచ్చాయి, ఇల్లు లేచిపోయింది, చేతికి తాటిచెట్టు దొరికింది, తెల్లారింది. తరువాత ఒక్క వాక్యం: "ఆ ఊళ్లో నీళ్లకు పైన ఉన్నది ఆ చెట్టొక్కటే." వెంటనే మూలవాక్యం. మధ్యలో ఇంకేమీ చేర్చను. ఆయన భార్య సంగతి చేర్చను, గేదెల సంగతి చేర్చను. చేర్చాలని నోటిదాకా వస్తుంది. ఆపుకుంటాను.

రెండో గుర్తు ఒక పోలిక. 1864 నవంబరు 1 రాత్రి ఉప్పెన ఈ బందరును ముంచింది. సుమారు 30,000 మంది పోయారని లెక్క. 1977లో పదివేలకు తగ్గకుండా పోయారు. 1990 మే 9న కృష్ణ ముఖద్వారం దగ్గర చాలా తీవ్రమైన తుపాను తీరం దాటింది. అప్పుడు పోయినవారు వెయ్యిమంది లోపు. 1990 నాటికి తుపాను షెల్టర్లున్నాయి, తీరం నుంచి జనాన్ని పెద్ద ఎత్తున ముందుగానే తరలించారు. మూడు తేదీలూ చెబితే సభికులు చేతివేళ్లు లెక్కపెట్టుకుంటారు. అందుకని వేదిక మీద 1977, 1990 రెండే చెబుతాను. 1864ను బందరు సభలోనే వాడతాను. ఇక్కడివారికి బందరుకోట కళ్ల ముందుంది, ఆ ఏడాది వారి సొంతమవుతుంది.

సంఖ్యల విషయంలో జాగ్రత్త చాలా అవసరం. 1977 మృతుల సంఖ్య ఒక్కో చోట ఒక్కోలా ఉంటుంది. ఎక్కువ అంకె చెప్పాలని మనసు లాగుతుంది. చెబితే పక్కనున్నవారు "ఆ అంకె ఎక్కడిది?" అంటారు, వంతంతా అంకె మీదే పోతుంది. ఎవరూ కాదనలేని తక్కువ అంకెకు "తగ్గకుండా" చేర్చి చెబితే ఆ గొడవ రాదు. అలాగే ఆ అల సుమారు 5 మీటర్లని చెబుతాం. అది సముద్రమట్టం నుంచి కొలిచినది. ఊళ్లో అయిదు మీటర్ల నీళ్లు నిలిచాయని అంటే ఇంజనీరు పట్టుకుంటాడు. నేల ఎత్తు తీసేయాలి కదా. కనుక నేను మీటర్లు చెప్పడం మానేశాను. తాటిచెట్టు ఆ పని చేస్తోంది.

ఈ పోలికకు ఒక ఆక్షేపణ ఉంది, అది న్యాయమైనది కూడా. "ప్రతి తుపానూ వేరు. దారి వేరు, అల వేరు, తాకిన వేళ వేరు. మృతులు తగ్గడానికి షెల్టర్లే కారణమని ఎలా అంటారు?" అని ఒక శాస్త్రవేత్త నన్ను వేదిక మీదే అడిగారు. ఆయన ప్రశ్న ముందే ఊహించి నా కార్డు వెనక జవాబు రాసుకున్నాను: "మీరన్నది నిజం. షెల్టర్ ఒక్కటే అని నేననడం లేదు. జనం ముందుగా కదిలారు, కదలడానికి చోటుంది. ఈ రెండింటిలో ఏది లేకపోయినా 1990 లెక్క అలా ఉండేది కాదు." ముందు ఒప్పుకోవలసింది ఒప్పుకుంటే, తరువాతి మాటకు బలం వస్తుంది. ఆయన తల ఊపారు. ఒప్పుకోవడానికి వెనుకాడి ఉంటే ఆ పోలికను ఆ రోజే పోగొట్టుకునేవాణ్ణి.

మూడో గుర్తు రెండో వాక్యానిది. మా ఇంటి వీధి చివర ఒక చేతిపంపు ఉండేది. మేం బోరింగంటాం. నా చిన్నప్పుడు వీధి అంతా ఆ నీళ్లే తాగేది. తరువాత వంటకు పనికిరాకుండా పోయాయి, ఆ తరువాత బట్టలు ఉతకడానికి. ఇప్పుడు దాని పిడి తుప్పుపట్టి ఉంది. ఎవరూ కొట్టరు. "మా బోరింగుకు సముద్రం వచ్చింది, ఏ తుపానూ లేకుండా" అంటాను. ఒండ్రు సంగతి, మంచినీటి ఒత్తిడి సంగతి వినేవాడికి ఆ ఒక్క పిడిలో తెలుస్తుంది. ఇక్కడ ఒక హద్దు ఉంది. ఒక బోరింగు ఉప్పగా మారడానికి నది ఒక్కటే కారణం కాకపోవచ్చు. చుట్టుపక్కల ఎక్కువగా నీరు తోడినా అలా అవుతుంది, రొయ్యల చెరువుల వల్లా కావచ్చు. కనుక "నది ఆగినందుకే ఇది" అని నేననను. "మంచినీరు వెనక్కి పోతే ఏమవుతుందో ఇది చూడండి" అంటాను. ఉదాహరణ వాక్యాన్ని చూపాలి. రుజువు చేసే పని దానిది కాదు. ఆ పని శాస్త్రవేత్తల కొలతలది.

వినేవారు మారితే వాక్యాలు మారవు, గుర్తులు మారతాయి. గుడివాడలో మాట్లాడినప్పుడు ఇది బాగా తెలిసింది. అక్కడ తాటిచెట్టు కథ విని జాలిపడ్డారు. ఉప్పెన అంతదూరం రాదని వారికి తెలుసు. నా రెండో వాక్యం వినగానే మొహాలు గట్టిపడ్డాయి. "మాకే దాళ్వాకు నీళ్లు చాలవు, సముద్రానికి వదలమంటావా?" అన్నారు. బోరింగు అక్కడ పనిచేయలేదు. వారికి తెలిసిన వస్తువు మురుగు కాలువ. తరువాతిసారి అక్కడ ఇలా చెప్పాను: "మీ పొలం మురుగు పోయే కాలువ చివర సముద్రం ఉంది. ఎండాకాలంలో అందులో మంచినీటి పారుదల లేకపోతే పోటు ఎటు నడుస్తుందో చూడండి. ఇవాళ మా కాలువ, రేపు మీ కాలువ." ఎవరికెన్ని నీళ్లన్న లెక్క నేను తేల్చలేనని, అది ట్రిబ్యునళ్ల పని అని కూడా అదే ఊపిరిలో చెప్పాను. వారు నాతో ఏకీభవించలేదు. కానీ "వృథా" అన్న మాట ఆ సాయంత్రం మళ్లీ ఎవరూ వాడలేదు. ఒక చర్చలో అంతకన్నా ఎక్కువ నేను ఆశించను.

ఇప్పుడు పని వరస చెబుతాను. పిలుపు రాగానే సమన్వయకర్తకు ఫోన్ చేసి మూడు విషయాలు అడుగుతాను. పక్కన ఎవరెవరు కూర్చుంటున్నారు? మొదట ఎన్ని నిమిషాలిస్తారు? మొదటి ప్రశ్న ఏమిటి? వాతావరణ శాఖవారు ఉంటే నా మొదటి వాక్యానికి సగం దారి వారే వేస్తారు, అప్పుడు నేను నీటి వాక్యంతో మొదలుపెడతాను. తరువాత ఒక పోస్టుకార్డంత అట్టముక్క తీసుకుంటాను. ముందువైపు రెండు మూలవాక్యాలు పూర్తిగా రాస్తాను, ఎందుకంటే వాటిలో ఒక్క మాట తడబడినా అర్థం మారుతుంది. వాటి కింద ఉదాహరణలకు ఒక్కో మాటే రాస్తాను: తాటిచెట్టు, 1977–1990, బోరింగు. కథను పూర్తిగా రాసుకుంటే చదవడం మొదలవుతుంది, చదివితే కథ చస్తుంది. వెనకవైపు రెండు ఆక్షేపణలు, వాటికి ఒప్పుకోలుతో మొదలయ్యే జవాబులు. కార్డు నిండిపోతే నేను ఇంకా ఎంచుకోలేదని అర్థం.

ఆ తరువాత పరీక్ష. భోజనాల దగ్గర ఇంట్లో ఒకరికి నా వంతు చెబుతాను. మర్నాడు సాయంత్రం, చెప్పకుండా, నిన్న నేనేమన్నానని అడుగుతాను. బోరింగు గుర్తుండి, నది గుర్తులేకపోతే ఉదాహరణ ఎక్కువైందన్నమాట, దాన్ని కుదిస్తాను. నది గుర్తుండి, బోరింగు గుర్తులేకపోతే ఆ ఉదాహరణ ఉండీ లేనట్టే, తీసేస్తాను. మా మనవరాలు నాకు మంచి పరీక్షకురాలు. నీళ్ల లెక్కలతో నిండిన ఒక ఉదాహరణను ఆమె మూడుసార్లు మరచిపోయింది. టీఎంసీల అంకెలవి. నేను ఎంతో ఇష్టపడి పోగుచేసుకున్నవి. కార్డు మీంచి కొట్టేశాను.

ఒక సంగతి చెప్పి విరమిస్తాను. తాటిచెట్టు పెద్దాయన కథను నేను కొన్నేళ్లు ఆయన్ను అడగకుండానే చెప్పాను. ఒకసారి నాగాయలంకలో ఒక సభలో ఆయనే వెనక బెంచీలో కూర్చుని ఉన్నారు. అయ్యాక నా దగ్గరికి వచ్చారు. నేను భయపడ్డాను. "నా పేరు చెప్పమాకు నాయనా. చెట్టు సంగతి చెప్పు. ఆ చెట్టిప్పుడు లేదు, అది కూడా చెప్పు" అన్నారు. మర్నాడు వెళ్లి చూశాను. చెట్టు లేదు. అది ఉన్న చోట ఇప్పుడు నేల కూడా లేదు, నీళ్లున్నాయి. కార్డు మీద "తాటిచెట్టు" అన్న మాట పక్కన చిన్న గీత గీసి దాన్ని రెండో వాక్యానికి కూడా కలిపాను.